07/08 అంటే ఏ నెల?

హైదరాబాద్‌లోని టెస్టింగ్ టీమ్ నుంచి డాలస్‌లోని క్లయింటుకు ‘రిలీజ్ 07/08/2026న’ అని మెయిల్ వెళ్లిందనుకోండి. రాసినవాళ్ల లెక్కలో అది ఆగస్టు 7. అమెరికాలో నెల ముందు, తేదీ తర్వాత కాబట్టి చదివినవాళ్లకు అది జూలై 8. వాళ్లు నెల ముందే సిద్ధమై ఎదురుచూస్తారు. అదే మెయిల్ డాలస్ నుంచి ఇటు వస్తే ఇంకా ప్రమాదం: జూలై 8న ఇవ్వాల్సిన పనికి ఇంకో నెల గడువుందని ఇక్కడివాళ్లు నింపాదిగా ఉంటారు.

13/08 అని రాస్తే ఈ గొడవ రాదు. పదమూడో నెల లేదు కదా! చిక్కంతా 1 నుంచి 12 లోపు తేదీలతోనే. 05/05 లాంటివి ఎటు చదివినా ఒకటే కాబట్టి వాటిని తీసేస్తే, ఏడాదిలో 132 రోజులు రెండు అర్థాలతో ఉంటాయి. మిగతా రోజుల్లో అంతా సవ్యంగా నడవడం వల్లే ఈ పొరపాటు చాలాకాలం బయటపడదు.

ఎక్సెల్‌లో ఇది మరీ గడుసుగా జరుగుతుంది. మన పద్ధతిలో తేదీలున్న సీఎస్‌వీ ఫైలును అమెరికా సెట్టింగున్న కంప్యూటర్లో తెరిస్తే 07/08/2026 చడీచప్పుడూ లేకుండా జూలై 8 అయిపోతుంది. 13/08/2026 మాత్రం తేదీగా అర్థంకాక ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. ఎవరూ అలైన్‌మెంట్ మార్చకపోతే తేడా కంటికే కనబడుతుంది: తేదీలుగా మారినవి గడిలో కుడివైపుకు, మారనివి ఎడమవైపుకు జరిగి ఉంటాయి. ఒకే వరుసలో రెండు రకాలూ కనిపిస్తే, కుడివైపు ఉన్నవాటినే ఎక్కువ అనుమానించాలి. తప్పు జరిగింది అక్కడే.

మెయిల్లో అయితే మందు సులువు. నెలను అంకెతో కాకుండా పేరుతో రాయాలి: `7 Aug 2026`. అమెరికా పాస్‌పోర్టులో పుట్టినతేదీ కూడా ఈ తీరులోనే ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లకు ఇదేమీ వింత కాదు. ముఖ్యమైన గడువుకు వారం కూడా చేర్చితే మంచిది: `Fri, 7 Aug 2026`. జూలై 8 బుధవారం కనుక, ఎక్కడైనా పొరపాటు దొర్లితే వారమే పట్టిస్తుంది.

ఫైళ్ల పేర్లకు, ఎక్సెల్ షీట్లకు `2026-08-07` వాడాలి. ఏడాది, నెల, రోజు అనే ఈ వరుసను ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం 1988లోనే ఖాయం చేసింది. ఏడాది ముందుంటే తర్వాతిది నెలే అని చదివేవారికి తెలిసిపోతుంది. పైగా ఫైళ్లను పేరు ప్రకారం అమర్చితే కాలక్రమంలో వాటంతటవే వరుసకొస్తాయి. ఏడాదిని రెండంకెలకు కుదిస్తే మాత్రం ఏది నెలో తెలిసే ఆ స్పష్టత పోతుంది. 07-08-09ని మూడు రకాలుగా చదవొచ్చు.

అవతలివాళ్లే 07/08 అని పంపితే? ‘ఏ నెలండీ?’ అని అడిగి జవాబు కోసం ఆగక్కర్లేదు. ‘జూలై 8, బుధవారానికి పంపుతాం’ అని తిరుగు మెయిల్లో రాస్తే చాలు, తప్పయితే వాళ్లే దిద్దుతారు.