నోట్సు మూసేశాక ఏం మిగిలింది?

పరీక్షల ముందు లా కాలేజీ హాస్టల్లో ఏ గదిలోకి తొంగిచూసినా హైలైటర్ పూసిన నోట్సును నాలుగోసారి తిరగేస్తూ ఎవరో ఒకరు కనిపిస్తారు. తిరగేసినకొద్దీ పేజీ బాగా పరిచయమైపోతుంది. చిక్కంతా అక్కడే. పేజీని గుర్తుపట్టడం వేరు, పేజీ లేకుండా జవాబు రాయడం వేరు.

2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు నాలుగు విడతలూ చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మిగతా మూడూ చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం వాళ్లకు 40 శాతం మిగిలితే, రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది. పరీక్షకు ముందురాత్రి చదువు ఎందుకంత ధైర్యాన్నిస్తుందో, నెల క్రితం చదివింది ఎందుకు ఆవిరవుతుందో ఇందులోనే ఉంది.

నా దగ్గర చదువుకునే ఒక అమ్మాయికి రాజ్యాంగ చట్టం పేపరు పన్నెండు రోజుల్లో ఉంది. మొదటిరోజు 'రాజ్యాంగ సవరణ అధికారం' పాఠం అర్థమయ్యేలా ఒక్కసారి చదవమన్నాను. అర్థంకానిదాన్ని గుర్తుచేసుకోబోతే దొరికేది ముక్కలే. సాయంత్రం నోట్సు మూయించి, తెల్లకాగితం ఇచ్చి, ఒకే ప్రశ్న వేశాను: పార్లమెంటు ప్రాథమిక హక్కులను సవరించగలదా? గడువు పదిహేను నిమిషాలు.

కేశవానంద భారతి కేసు, 1973, పదమూడుగురు న్యాయమూర్తులు, 7-6 తీర్పు, మౌలిక స్వరూపం అన్నీ రాసింది. కానీ ఆ కేసు ఎందుకు వచ్చిందో లేదు. ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు వెళ్లకూడదన్న 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు, దాన్ని తిప్పికొట్టడానికి 1971లో తెచ్చిన 24వ సవరణ రెండూ ఎగిరిపోయాయి. ఎర్ర పెన్నుతో నోట్సు చూసి దిద్దుకుంటూ, "అయ్యో సార్, ఇది నాకు తెలుసు కదా!" అంది. తెలుసు, పేజీ కళ్లముందుంటే.

తర్వాత ఆ ఎర్ర సిరా భాగాన్నే చదివింది. రెండోరోజు ఐదు నిమిషాలు దాన్నే చూడకుండా రాసింది. ఐదోరోజు, పదోరోజు మొత్తం ప్రశ్న మళ్లీ. మధ్యరోజుల్లో కొత్త పాఠం ఒకటి, పాత ప్రశ్నలు ఒకటిరెండు. ఒకసారి సరిగ్గా వచ్చిందని ఏ ప్రశ్ననూ పక్కన పెట్టనివ్వలేదు. తేదీలతో చిన్నచిన్న చీటీలు రాసుకుంటానంటే వద్దన్నాను. పరీక్షలో అడిగేది వాదన, తేదీలు దానికి ఊతం మాత్రమే. దిద్దుకోకుండా వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదం, తప్పే గట్టిపడుతుంది.

పదోరోజు కాగితంలో ఎర్ర సిరా ఒక్కచోటే పడింది. 24వ సవరణకు బదులు 42వది అని రాసింది. అదీ ఈ కథలోదే, 1976లో వచ్చింది. అందుకే పదకొండోరోజుకి కొత్త ప్రశ్న తయారైంది: ఈ రెండిట్లో కేశవానందకు ముందుది ఏది, మినర్వా మిల్స్ తీర్పుకు దారితీసింది ఏది?