డంబెల్స్ దగ్గరికి లాగితే స్టూలు ఎందుకు గిర్రున తిరుగుతుంది?

కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో తిరిగే స్టూలు మీద ఓ విద్యార్థిని కూర్చుంది. చేతికొకటి చొప్పున రెండు కిలోల డంబెల్స్ పట్టుకుని చేతులు బార చాపింది. స్నేహితురాలు మెల్లగా ఒక్క తోపు తోసి పక్కకు తప్పుకుంది. మూడు సెకన్లకో చుట్టు చొప్పున స్టూలు తిరుగుతోంది. అప్పుడామె డంబెల్స్‌ను గుండెల దగ్గరికి లాక్కుంది. మరుక్షణం స్టూలు గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

ఎవరూ మళ్లీ తొయ్యలేదు. మరి ఆ వేగం ఎక్కడిది?

తిరిగే ప్రతిదానికీ కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. బయటి నుంచి ఎవరూ తిప్పనంత వరకూ, ఆపనంత వరకూ అది మారదు. తిరిగే వేగాన్ని జడత్వ భ్రామకంతో గుణిస్తే అది వస్తుంది. బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉందో చెప్పేదే ఈ జడత్వ భ్రామకం. ఇందులో దూరానికి వర్గం కడతారు, కిటుకంతా అక్కడే ఉంది. ఇరుసు నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్న డంబెల్స్ 20 సెంటీమీటర్లకు వస్తే దూరం నాలుగో వంతవుతుంది, వాటి జడత్వ భ్రామకం మాత్రం పదహారో వంతుకు పడిపోతుంది.

అలాగని వేగం పదహారు రెట్లు కాదు. అమ్మాయి ఒళ్లు, స్టూలు ఉన్నచోటే ఉన్నాయిగా! వాటి వంతు 1.6 యూనిట్లనుకుందాం. డంబెల్స్‌ది మొదట 2.56, తర్వాత 0.16. అంటే మొత్తం 4.16 నుంచి 1.76కు తగ్గింది. వేగం దాదాపు 2.4 రెట్లు పెరిగి, చుట్టుకు మూడు సెకన్లు పట్టేది ఒకటింపావుకు వస్తుంది. చేతుల సొంత బరువును ఈ లెక్కలో వదిలేశాం.

ఇక్కడ చాలామంది తడబడతారు. కోణీయ ద్రవ్యవేగం మారలేదు కాబట్టి శక్తీ మారలేదనుకుంటారు. కానీ గతిజ శక్తి కూడా 2.4 రెట్లయింది. అదనపు శక్తి ఆమె కండరాలు పెట్టిన ఖర్చే. తిరుగుతూ ఉంటే డంబెల్స్ బయటికి గుంజుతున్నట్టు ఉంటుంది. ఆ గుంజుడును ఓడించి లోపలికి లాగడమే ఆమె చేసిన పని. స్టూలు ఆగి ఉన్నప్పుడు లాగితే ఆ బిగువు తెలియదు.

చేతులు చాపి ఉండగా డంబెల్స్‌ను లాగకుండా చటుక్కున వదిలేస్తే? బరువు తగ్గింది కదా, వేగం పెరుగుతుందని క్లాసులో సగం మంది చెబుతారు. పెరగదు. డంబెల్స్ తమ వంతు కోణీయ ద్రవ్యవేగాన్ని తమతోనే తీసుకెళ్తాయి, అమ్మాయి అదే వేగంతో తిరుగుతుంది. వదిలిన డంబెల్స్ ఎదురుగా ఉన్నవాళ్ల కాళ్ల మీద పడొచ్చు కాబట్టి దీన్ని చేసి చూడకపోవడమే మేలు.

స్టూలు బేరింగ్ ఎలా ఉందో కూడా ఈ ప్రయోగమే చెప్పేస్తుంది. లాక్కున్న చేతులను మళ్లీ చాపితే చుట్టుకు మూడు సెకన్లే పట్టాలి. నాలుగు పడుతోందంటే మిగతాది ఘర్షణ మింగేసినట్టు. అందుకే తోసిన వెంటనే, రెండు మూడు చుట్లలోపే చేతులు ముడిచేయాలి.