‘ఏ’ గ్రేడు ఫ్రిజ్ వచ్చిందా... ఆగండి!

కొత్త ఫ్రిజ్ 22 వేలు. అదే రీఫర్బిష్డ్‌ది ఆన్‌లైన్‌లో 13 వేలకే కనిపించిందనుకోండి, పైగా ‘ఏ’ గ్రేడు! ఇంకేం, కొనేద్దాం అనిపిస్తుంది. కానీ ఆ గ్రేడు చాలావరకు పైపై అందానికిచ్చే మార్కే. ‘ఏ’ అంటే గీతలు దాదాపు లేనట్టు, ‘సి’ అంటే సొట్టలు కనిపిస్తాయన్నట్టు. ఈ కొలత కూడా అమ్మేవాళ్లు ఎవరికి వాళ్లు పెట్టుకున్నదే. లోపలి కంప్రెసర్ వయసు అందులో తెలియదు. తయారీ సంవత్సరం అడగాల్సిందే.

వారంటీ తయారీ కంపెనీదా, అమ్మినవాళ్లదా? అమ్మినవాళ్లదైతే మీ ఊరికి మెకానిక్ వస్తాడా, గ్యాస్ నింపడం, కంప్రెసర్ అందులో ఉన్నాయా అన్నది ముందే చూసుకోవాలి. బిల్లు మీద, ఫ్రిజ్ మీద సీరియల్ నంబరు ఒకటే ఉండాలి.

ఇక ఫ్రిజ్ గుమ్మం ముందుకొచ్చాక ఓటీపీ చెప్పే తొందర వద్దు. విప్పించి సొట్టలు, వెనక గొట్టాలు చూడండి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే రబ్బరు వదులైనట్టే. తేడా ఉంటే ఫొటో తీసి అక్కడే వెనక్కి పంపేయొచ్చు.

చల్లదనం మాత్రం అప్పుడు తేలదు. దారిలో పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి పాకుతుంది. అందుకే కొన్ని గంటలు, వీలైతే ఒక రోజు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయాలి. ఆపైన ఓ రాత్రంతా నడిపితే ఐసు గడ్డకట్టిందో లేదో తెలుస్తుంది. అంటే రెండు రోజులు పోయినట్టే. వాపసు గడువు అంతకంటే తక్కువుంటే ఆ 13 వేల బేరం వదిలేయడమే నయం.