నంబరు అసలుదే, మనిషే కాదు

బాబాయి ఆర్టీసీలో డిపో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. సంక్రాంతికి తెనాలి వెళ్తే, భోజనాలయ్యాక ఫోను నా చేతికిచ్చి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇది చూడరా. సెబీ సర్టిఫికెట్టు పెట్టారు. ఊరికే నమ్మలేదులే, నంబరు సెబీ వెబ్‌సైట్లో నేనే కొట్టి చూశా. వచ్చింది."

నిజంగానే వచ్చింది. పేరూ సరిపోయింది. సర్టిఫికెట్టు మీద ముద్ర, సంతకం అన్నీ తీరుగానే ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున తొమ్మిదింటికి ఒక 'సార్' మార్కెట్ కబుర్లు చెబుతున్నాడు, సాయంత్రానికి నలుగురైదుగురు తమ లాభాల స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. బాబాయిని రెండు లక్షలు పంపమన్నారు. కొనడం, అమ్మడం వాళ్లే చూసుకుంటారట, నెలకు పది శాతం ఖాయమట.

ఇలాంటి వాటి గురించి పత్రికల్లో 'రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి' అని రాసి వదిలేస్తుంటారు. బాబాయి చూసుకున్నాడు. చిక్కు అక్కడే ఉంది. మోసగాళ్లు ఇప్పుడు దొంగ నంబరు పుట్టించే శ్రమ పడటం లేదు. సెబీ జాబితా అందరికీ కనిపించేదే కాబట్టి, అందులోంచి బుద్ధిగా పని చేసుకునే ఒకరి పేరూ నంబరూ తీసి తమకు తగిలించుకుంటున్నారు. అందుకని 'ఈ నంబరు ఉందా' అని చూడటంతో పని సగమే అవుతుంది. ఆ నంబరు ఏ పనికిచ్చింది, నాతో మాట్లాడుతున్నవాడు దాని సొంతదారేనా, డబ్బు వెళ్లేది అతని ఖాతాకేనా అన్న మూడూ తేలాలి.

మొదటిది తేలడానికి నంబరులోని తొలి మూడక్షరాలు చాలు. స్టాక్ బ్రోకర్ నంబరు INZ తో మొదలవుతుంది. మన తరఫున ఎక్స్ఛేంజీలో షేర్లు కొని, అమ్మేది అతను. INA అంటే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్. మన ఆదాయం, అప్పులు, అవసరాలు అడిగి తెలుసుకుని ఫీజు తీసుకుని సలహా చెబుతాడు. INH అంటే రీసెర్చ్ అనలిస్ట్. ఫలానా షేరు కొనొచ్చు, ఫలానాది వద్దు అని అభిప్రాయం రాస్తాడు. మన డబ్బు చేతికి తీసుకుని నడిపే పోర్ట్‌ఫోలియో మేనేజర్‌ది INP. ఒకరి లైసెన్సుతో ఇంకొకరి పని చేయడానికి లేదు. డ్రైవింగ్ లైసెన్సు చూపించి బస్సు పర్మిట్ ఉందంటే ఎలా ఉంటుందో ఆర్టీసీ మనిషికి చెప్పక్కర్లేదు.

బాబాయి ఫోన్లోని నంబరు INH. రాసి ఇవ్వడానికే హక్కున్న మనిషి రెండు లక్షలు తీసుకుని తానే కొని, తానే అమ్మిపెడతానంటున్నాడు. ఆ లైసెన్సులో అలాంటి పనే లేదు. సలహాదారైనా, అనలిస్టైనా ఫీజు తప్ప పెట్టుబడి సొమ్ము తమ ఖాతాలోకి తీసుకోకూడదు. లాభానికి గ్యారంటీ అసలే ఇవ్వకూడదు.

"మరి ఆ పేజీలో పేరు వచ్చిందిగా?" అన్నాడు బాబాయి.

ఆ పేజీనే మళ్లీ తెరిచాం. sebi.gov.in లో Intermediaries/Market Infrastructure Institutions అన్న మెనూ కింద Recognised Intermediaries ఉంటుంది. అది నొక్కితే బ్రోకర్లు, సలహాదార్లు, అనలిస్టులు అంటూ వర్గాలవారీగా జాబితాలు వస్తాయి. మనకు కావలసిన వర్గంలోకి వెళ్లి పేరుతోగానీ నంబరుతోగానీ వెతకొచ్చు. వెబ్‌సైట్ అడ్రసు మనమే టైపు చేసుకోవాలి, గ్రూపులో వచ్చిన లింకు నొక్కి వెళ్లకూడదు. అచ్చం అలాగే కనిపించే దొంగ పేజీలు తయారుచేయడం ఇవాళ పెద్ద పనేం కాదు.

బాబాయి పేరు చూడగానే ఆగిపోయాడు. అసలు చదవాల్సింది ఆ కింద ఉంది. రిజిస్ట్రేషన్ నంబరు తర్వాత ఈమెయిల్, టెలిఫోన్, చిరునామా, కాంటాక్ట్ పర్సన్, చివర్లో Validity ఉంటాయి. చెల్లుబాటు దగ్గర మొదలైన తేదీ, దాని పక్కన Perpetual అన్న మాట తరచు కనిపిస్తుంది. రద్దయ్యేదాకానో, వాళ్లే వదులుకునేదాకానో చెల్లుతుందని దానర్థం. కాగితం మీది సర్టిఫికెట్టు ఎప్పటిదైనా కావచ్చు, దాని తర్వాత రిజిస్ట్రేషన్ రద్దయి ఉండొచ్చు. కాబట్టి పీడీఎఫ్‌ను పక్కన పెట్టి ఈ పేజీనే లెక్కలోకి తీసుకోవాలి.

ఒక కాగితం మీద రెండు వరసలు రాయమన్నాను. పేజీలో ఉన్నవి ఎడమవైపు, గ్రూపులో ఉన్నవి కుడివైపు. పేరు, నంబరు సరిపోయాయి. పేజీలోని చిరునామా వేరే రాష్ట్రానిది. ఈమెయిల్ సంస్థ సొంత డొమైన్‌ది, గ్రూపువాళ్లు ఇచ్చింది మామూలు జీమెయిల్. ఫోను నంబర్లకు పొంతనే లేదు. పేజీలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాం. ఎత్తినామె నేను రెండు మాటలు చెప్పేలోపే "వాట్సాప్ గ్రూపా? మాకు ఏ గ్రూపూ లేదండీ. మా పేరు వాడుతున్నారని ఫిర్యాదు కూడా ఇచ్చాం" అంది. రోజుకు ఇలాంటి ఫోన్లు ఎన్ని వస్తున్నాయో, ఆ గొంతులో విసుగు తెలుస్తూనే ఉంది.

ఈ తనిఖీలన్నిటిలో నేను ఎక్కువ నమ్మేది ఈ ఫోన్‌కాలే. అయితే గ్రూపువాడిచ్చిన నంబరుకు చేస్తే లాభం లేదు, వాడు 'నేనే నేను' అంటాడు. జాబితాలో ఉన్న నంబరుకే చేయాలి.

మూడోది ఖాతా. డబ్బు ఏదో ట్రేడింగ్ కంపెనీ పేరిట ఉన్న కరెంటు ఖాతాకు పంపమన్నారు. సర్టిఫికెట్టు మీది పేరుకూ ఆ పేరుకూ సంబంధమే లేదు. పంపేముందు చూసుకోవడానికి సెబీ వాళ్లే SEBI Check అని ఒక సదుపాయం పెట్టారు. సెబీ వెబ్‌సైట్లోనూ, Saarthi అనే మొబైల్ యాప్‌లోనూ ఉంటుంది. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్సీ కోడ్ ఇచ్చినా, యూపీఐ ఐడీ ఇచ్చినా అది రిజిస్టరైన సంస్థదో కాదో చెబుతుంది. బాబాయి చేతే కొట్టించాను. దొరకలేదు.

యూపీఐలో పంపేవాళ్లకు ఇంకో గుర్తు ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి సెబీ రిజిస్టర్డ్ సంస్థలకు ప్రత్యేకమైన ఐడీలు వచ్చాయి. @ తర్వాత valid అన్న మాట, దాన్ని అంటుకుని బ్యాంకు పేరు ఉంటాయి. బ్రోకరైతే @ కు ముందు .brk వస్తుంది. అంటే abc.brk@validhdfc తరహాలో. చెల్లించే తెరమీద ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలి గుర్తు కనబడుతుంది. బ్రోకరునని చెప్పుకుంటూ ఎవరో వ్యక్తి ఫోను నంబరుతో ఉన్న యూపీఐ ఐడీ పంపితే అక్కడే ఆగిపోవడం మేలు. యూపీఐలో కాకుండా బ్యాంకు బదిలీ చేసేవాళ్లు ఎన్ఎస్ఈ సైట్లోని Know/Locate your Stock Broker పేజీలో, బ్రోకరు ఖాతాదారుల సొమ్ము తీసుకునే బ్యాంకు ఖాతాలేవో కూడా చూసుకోవచ్చు.

మన ఊళ్లలో ఇంకో రకం మనుషులున్నారు. మెయిన్ రోడ్డు మీద పెద్ద బ్రోకరు బోర్డు పెట్టుకుని రెండు కంప్యూటర్లతో ఆఫీసు నడిపేవాళ్లు. ఫ్రాంచైజీ అంటాం, నిబంధనల్లో వీళ్ల పేరు ఆథరైజ్డ్ పర్సన్. సెబీ జాబితాలో పేరు వెతికితే దొరక్కపోవచ్చు. అంతమాత్రాన దొంగ అనుకోకూడదు. వీళ్లు బ్రోకరు ద్వారా ఎక్స్ఛేంజీలో నమోదవుతారు కాబట్టి ఎన్ఎస్ఈ, బీఎస్ఈ సైట్లలో చూడాలి. బోర్డు మీది బ్రోకరు కిందే నమోదై ఉన్నాడా అన్నది ముఖ్యం. నమోదైనవాడైనా మన డబ్బు తన సొంత ఖాతాలో వేయించుకోకూడదు. 'మనూరివాడే కదా' అని నగదు చేతికిచ్చి, ఏళ్ల తర్వాత బ్రోకరు ఆఫీసుకు వెళ్తే 'మీ పేర మా దగ్గర రూపాయి జమ కాలేదు' అనిపించుకున్నవాళ్లు నాకు తెలుసు.

గోడమీద ఫ్రేము కట్టిన కాగితాల్లో కూడా తేడాలున్నాయి. ARN నంబరు మ్యూచువల్ ఫండ్లు అమ్మేవాళ్లకు యాంఫీ ఇచ్చేది. ఎన్ఐఎస్ఎం సర్టిఫికెట్టు పరీక్ష పాసైనట్టు చెబుతుంది. జీఎస్టీ, కంపెనీ రిజిస్ట్రేషన్ సంగతి సరేసరి. ఇవేవీ షేర్ల మీద సలహా చెప్పి ఫీజు తీసుకునే హక్కునివ్వవు.

ఇంత చూసుకున్నా రిజిస్ట్రేషన్ చెప్పేది కొంతే. హైదరాబాదు కార్వీ సంగతి మనవాళ్లెవరూ మర్చిపోయి ఉండరు. చక్కగా రిజిస్టరైన బ్రోకరే. ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పు తెచ్చిందని తేలాక, కొత్త ఖాతాదార్లను చేర్చుకోవద్దని 2019 నవంబరు 22న సెబీ ఆదేశించింది. రిజిస్ట్రేషన్ రద్దయింది మాత్రం 2023 మే నెలాఖరున. అందుకే పెద్ద మొత్తం పెట్టేముందు సెబీ సైట్లో Enforcement కింద Orders లోనూ ఆ పేరు ఒకసారి వెతుకుతాను. ఖాతా తెరిచాక డిపాజిటరీ నుంచి నేరుగా వచ్చే నెలవారీ స్టేట్‌మెంటును బ్రోకరు చూపించే లెక్కతో సరిచూస్తాను.

అలాగని రిజిస్ట్రేషన్ ఉన్నా లేకపోయినా ఒకటేనని కాదు. ఉన్నవాడితో గొడవొస్తే సెబీ SCORES లో ఫిర్యాదు పెట్టొచ్చు, మధ్యవర్తిత్వం కూడా కోరొచ్చు. లేనివాడి మీద ఆ తలుపులు తెరుచుకోవు, మిగిలేది పోలీసులే. ఆన్‌లైన్లో డబ్బు పోతే 1930 కి ఆ గంటలోనే ఫోన్ చేయాలి. అవతలి ఖాతాలోంచి సొమ్ము జారిపోకముందే ఆపించే అవకాశం అప్పుడే ఉంటుంది. సెబీ సందేహాల లైను 1800 266 7575, చార్జీ పడదు.

బాబాయి ఆ సాయంత్రమే గ్రూపులోంచి బయటికొచ్చాడు. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. అదే 'సార్' ఫొటోతో ఇంకో గ్రూపులో చేర్చారట, ఈసారి వేరే పేరు, వేరే సర్టిఫికెట్టు. నంబరు INA తో మొదలైందట. "పేజీలో ఉన్న ఫోనుకు చేశాన్రా, వాళ్లకీ ఏం తెలీదట" అన్నాడు.