మిగిలిన తలరంగును దాచుకోవచ్చా?

తలకు రంగేసుకోవడం అయిపోయింది. గిన్నెలో ఇంకా సగం మిగిలింది. డబ్బులు పోసి కొన్నది కాబట్టి పారబోయడానికి మనసొప్పదు. పదిహేను రోజులు తిరిగేసరికి చెంపల దగ్గర, పాపిట్లో మళ్లీ తెల్లవెంట్రుకలు కనిపిస్తాయి, అప్పటికి అక్కరకొస్తుందని చిన్న డబ్బాలోకి తీసి మూత బిగించి దాచేవాళ్లున్నారు. ఆ దాచిన రంగు జుట్టుకు పట్టదు సరికదా, డబ్బా పగిలి ఒంటి మీద చిందే ప్రమాదం కూడా ఉంది. కలిపిన రంగు ఆ పూటకే. కలపని రంగును మాత్రం పద్ధతిగా దాచుకోవచ్చు.

కలిపాక ఏం జరుగుతుంది?

శాశ్వత రంగు పెట్టెలో రెండు భాగాలుంటాయి. ఒకటి రంగు క్రీము, రెండోది డెవలపర్. క్రీములో పీపీడీ లాంటి రంగు పదార్థాలుంటాయి. ట్యూబులో ఉన్నంతసేపూ వాటికి పెద్దగా రంగే ఉండదు, అందుకే నల్లరంగు ట్యూబు నొక్కినా తెల్లటి క్రీమే వస్తుంది. క్రీములో ఉండే అమ్మోనియా వెంట్రుక పైపొరను కాస్త ఉబ్బించి దారి ఇస్తుంది. ‘అమ్మోనియా లేదు’ అని రాసిన రకాల్లో ఆ పని చేసే వేరే క్షారం ఉంటుంది. డెవలపర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది.

ఈ రెండూ కలిసిన క్షణం నుంచి పెరాక్సైడ్ పని మొదలుపెడుతుంది. సన్నటి రంగు అణువులు వెంట్రుక లోపలికి దూరి, అక్కడ ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవవుతాయి. పెద్దవయ్యాక బయటికి రాలేవు. తలస్నానం చేసినా రంగు పోకపోవడానికి కారణం ఇదే. గిన్నెలో మిగిలిన ముద్దలోనూ ఇదే జరుగుతుంది. కానీ అక్కడ అణువులు వెంట్రుకలోకి వెళ్లకముందే పెద్దవైపోతాయి, ఆ తర్వాత లోపలికి దూరలేవు. గిన్నెలోని ముద్ద నల్లబడిందంటే రంగు బాగా ‘ఊరింది’ అని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని పని గిన్నెలోనే అయిపోయిందని అర్థం. మర్నాడు దాన్ని రాస్తే చర్మానికి మరకలవుతాయి, తెల్లవెంట్రుకలు మాత్రం అక్కడక్కడా తెల్లగానే ఉండిపోతాయి.

ఫ్రిజ్‌లో పెడితే ఈ చర్య కాస్త మందగిస్తుందేమో కానీ ఆగదు. పైగా పెరాక్సైడ్ విడిపోతున్నప్పుడు ఆక్సిజన్ వాయువు పుడుతుంది. బిగించిన డబ్బాలో అది పోయేదారి లేక ఒత్తిడి పెరుగుతుంది. డబ్బా ఉబ్బుతుంది, మూత ఎగిరిపోతుంది, ఒక్కోసారి సీసా పగులుతుంది. చిందింది కంట్లో పడితే మరీ ప్రమాదం.

నీళ్లలో కలుపుకునే పొడి రంగులదీ ఇదే కథ. నీళ్లు తగలగానే పెరాక్సైడ్‌ను విడుదల చేసే పదార్థం ఆ పొడిలోనే ఉంటుంది. ‘బ్లాక్ హెన్నా’ పేరుతో వచ్చే ప్యాకెట్లలో చాలావాటిలో పీపీడీ ఉంటుంది కాబట్టి వాటినీ నానబెట్టి దాచకూడదు. మరేమీ కలపని అచ్చమైన గోరింటాకు పొడి సంగతి వేరు. దాన్ని రాత్రి నానబెట్టి పొద్దున పెట్టుకోవచ్చు.

సగమే కావాలంటే సగమే కలపండి

కలిపాక దాచే దారి లేదు కాబట్టి, కలపకముందే పంచుకోవాలి. ఒక పెట్టెలో 40 గ్రాముల క్రీము ట్యూబు, 60 మిల్లీలీటర్ల డెవలపర్ సీసా ఉన్నాయనుకుందాం. పొట్టి జుట్టుకు, లేదా కుదుళ్ల దగ్గర మాత్రమే రంగేసుకోవడానికి అందులో సగం చాలు. అప్పుడు 20 గ్రాముల క్రీముకు 30 మిల్లీలీటర్ల డెవలపర్ తీసుకోవాలి. ఒకదాన్ని సగం చేసి రెండోదాన్ని మొత్తం పోస్తే పాళ్లు తప్పి, కలిపింది పల్చబడి కారిపోతుంది, తెల్లవెంట్రుకలు సరిగా మూసుకోవు. కొన్ని రకాల్లో రెండూ సమపాళ్లలో కలపాలి, అందుకే పెట్టెలోని కాగితం చూసుకోవాలి. క్రీమును చిన్న తూకం మీద, డెవలపర్‌ను మందు సీసాలతో వచ్చే కొలత మూతతో కొలవొచ్చు. ఆ మూతను మళ్లీ మందుకు వాడొద్దు.

గాజు లేదా ప్లాస్టిక్ గిన్నెలోనే కలపాలి. లోహం తగిలితే పెరాక్సైడ్ త్వరగా విడిపోతుంది. గిన్నెలోకి ఎక్కువ పోశామనిపిస్తే ఆ డెవలపర్‌ను తిరిగి సీసాలో పోయకూడదు. దాంతోపాటు చిటికెడు క్రీము వెళ్లినా లోపలున్నదంతా పాడవుతుంది.

రంగేసుకోవడానికి 48 గంటల ముందు చెవి వెనకో, మోచేతి మడతలోనో కాస్త రాసి చూడాలని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆ పరీక్ష కోసం మొత్తం కలిపేసి, మిగిలింది రెండు రోజులు ఉంచి వాడదామనుకోవడం కుదరదు. పరీక్షకు బఠాణీ గింజంత కలిపితే చాలు. ఇదివరకు పడిన రంగే అయినా ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి, ఎందుకంటే పీపీడీ అలర్జీ ఎన్నో ఏళ్లు వాడాక కూడా మొదలవుతుంది.

దాచే పద్ధతి

సీలు తీయని పెట్టెను చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే అల్మారాలో పెట్టాలి. బాత్రూములో గీజరు ఆవిరి, వంటింట్లో పొయ్యి వేడి, ఎండలో నిలిపిన కారు, ఈ మూడూ పనికిరావు. ఎండాకాలంలో మన దగ్గర ఇల్లు కూడా వేడెక్కుతుంది కాబట్టి కింది అర, లోపలి గది మేలు. ఫ్రిజ్ అక్కర్లేదు. తగ్గింపు ధరకు నాలుగైదు పెట్టెలు కొనేముందు ‘యూజ్ బిఫోర్’ తేదీ చూసుకోవాలి.

తెరిచిన ట్యూబులో గాలి మిగలకుండా అడుగు నుంచి నొక్కి, మూతి తుడిచి మూత బిగించాలి. తెరిచిన తేదీ రాసిపెట్టుకుని, ఒకటి రెండు నెలల్లో వాడేయడం మంచిది. డెవలపర్‌ను దాని సొంత సీసాలోనే నిలబెట్టి ఉంచాలి. క్రీము రంగు చిన్న ప్యాకెట్‌ను ఒకసారి చింపితే గాలి చొరకుండా మూయలేం, దాన్ని ఆ పూటే ముగించాలి. పొడి ప్యాకెట్‌లో మిగిలింది చెమ్మ తగలకుండా ఉంటేనే పనికొస్తుంది. వానాకాలంలో గడ్డకట్టినా, రంగు మారినా పారేయాలి.

ట్యూబు మూతి దగ్గర మాత్రమే నల్లటి పెచ్చు కట్టి, లోపల క్రీము ఎప్పటిలా ఉంటే ఆ కాస్త తీసేసి వాడుకోవచ్చు. లోపల కూడా గోధుమరంగుకు తిరిగినా, నీళ్లూ క్రీమూ విడిపోయినా, ట్యూబో సీసానో ఉబ్బినా ఇక వాడొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, మిగిలిన రంగునుగానీ డెవలపర్‌నుగానీ నీళ్ల సీసాలోకి, కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చకండి. పీపీడీ కడుపులోకి వెళితే ముఖం, మెడ వాచి ఊపిరాడదు, కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి, మూత్రం నల్లగా వస్తుంది. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులకు ఇలాంటి కేసులు కొత్త కాదు. పిల్లలు పొరపాటున మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ పెట్టెను వెంట తీసుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

కలిపి మిగిలిన రంగును ధారాళంగా నీళ్లు పోసి కాలువలో కలిపేయండి. మూత బిగించి చెత్తబుట్టలో వేయకండి. ఈసారి పెట్టె తెరిచినప్పుడు ముందు మీ జుట్టుకు ఎంత కావాలో చూసుకుని, అంతే కలపండి. మిగతాది అల్మారాలో, పిల్లలకు అందని అరలో పెట్టండి.