వైఫై ముందు తానెవరో చెప్పాలి

పది మంది పనిచేసే ఆఫీసులో వైఫైకి ఒకటే పాస్‌వర్డ్ ఉన్నా పెద్ద ఇబ్బంది రాదు. రెండు వేల మంది చదివే కాలేజీలో మాత్రం హాస్టల్ నోటీసు బోర్డు మీద రాసిన ఆ ఒక్క పాస్‌వర్డ్ వారం తిరక్కుండా గేటు బయటి టీ కొట్టు దాకా పాకుతుంది. మారుద్దామంటే ప్రతి ఫోనులోనూ, ప్రతి ప్రింటరులోనూ మార్చాలి. అందుకే ఎవరూ మార్చరు. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. డబ్ల్యూపీఏ2 పద్ధతిలో ఉమ్మడి పాస్‌వర్డ్ తెలిసినవాడు, పక్క గదిలోని ఫోను నెట్‌వర్క్‌లో చేరే క్షణంలో గాలిలోని సంకేతాలను పట్టుకుంటే చాలు, ఆ తర్వాత ఆ ఫోనుకూ వైఫైకీ మధ్య నడిచే డేటా మీదున్న గుప్తీకరణను విప్పేయగలడు.

దీనికి విరుగుడుగా పెద్ద సంస్థలు వాడేది రేడియస్ సర్వర్. ఇక్కడ ప్రతి మనిషికీ సొంత యూజర్ పేరు, సొంత పాస్‌వర్డ్ ఉంటాయి. గోడ మీది యాక్సెస్ పాయింట్ ఎవరినీ తనంతట తాను లోపలికి రానివ్వదు. ఫోను చెప్పినదాన్ని సర్వర్‌కు చేరవేస్తుంది, అంతే. సర్వర్ కాలేజీ జాబితాలో పేరు చూసుకుని రానివ్వమనో వద్దనో చెబుతుంది. రానివ్వమంటే ఆ ఫోను కోసం ఆ ఒక్కసారికే పనికొచ్చే తాళంచెవిని కూడా యాక్సెస్ పాయింట్‌కు పంపుతుంది. పక్క ఫోను తాళంచెవి వేరు. విద్యార్థి చదువు ముగించి వెళ్లిపోతే అతని ఖాతా ఒక్కటి మూసేస్తే సరిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. మన పాస్‌వర్డ్ ఎవరి చేతికి వెళ్తోంది? వైఫై పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. కాలేజీ వైఫై పేరుతోనే ఒకడు బ్యాగులో చిన్న పరికరం పెట్టుకుని క్యాంటీన్‌లో కూర్చుంటే, ఫోనుకు ఆ రెండింటికీ తేడా కనబడదు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఫోను చేసినవాడికి ఓటీపీ చెప్పేముందు వాడు నిజంగా బ్యాంకువాడేనా అని అడుగుతాం కదా, అలా ఫోను కూడా సర్వర్‌ను ముందు నువ్వెవరని అడగాలి. అందుకు జవాబుగా సర్వర్ చూపించే పత్రమే సర్టిఫికెట్.

కాలేజీల్లో ఎక్కువగా కనిపించే పీఈఏపీ పద్ధతిలో ఫోను ముందు సర్టిఫికెట్ చూసి సర్వర్‌తో ఒక రహస్య మార్గం ఏర్పరచుకుంటుంది. పాస్‌వర్డ్ పరీక్ష ఆ మార్గం లోపల ఎంఎస్-చాప్ వెర్షన్ 2 అనే పాత పద్ధతిలో జరుగుతుంది. ఆ పద్ధతి బలహీనమైనది. అందులోని రహస్యాన్ని ఒక్క రోజులోపే ఛేదించవచ్చని 2012లో డెఫ్‌కాన్ సదస్సులో మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ చూపించారు. పాస్‌వర్డ్ ఎంత పొడుగుగా పెట్టుకున్నా లాభం లేదు. కాబట్టి మనకున్న రక్షణంతా బయటి రహస్య మార్గమే, ఆ మార్గానికి ఆధారం సర్టిఫికెట్ తనిఖీయే. పైగా చాలా చోట్ల కాలేజీ మెయిల్‌కూ మార్కుల పేజీకీ కూడా అదే పాస్‌వర్డ్.

ఫోను ముఖ్యంగా మూడు సంగతులు చూస్తుంది. ఈ పత్రం ఇచ్చిన సంస్థ తను నమ్మేదేనా, పత్రం మీది పేరు తనకు చెప్పిన పేరేనా, గడువు మిగిలి ఉందా అని. వెబ్‌సైట్‌కైతే చిరునామా మనమే టైప్ చేస్తాం గనుక రావలసిన పేరేమిటో బ్రౌజర్‌కు తెలుసు. వైఫై పేరుకూ సర్వర్ పేరుకూ అలాంటి సంబంధం లేదు. ఆ పేరును ఎవరో ఒకరు ఫోనుకు ముందే చెప్పి ఉంచాలి. ఆండ్రాయిడ్‌లో కనిపించే `Domain` గడి అందుకే ఉంది. ఇంకో మాట: ఈ తనిఖీ అంతా ఫోనుకు ఆ వైఫై ఇంకా దొరకక ముందే జరగాలి. కావలసిందేదో ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుందామంటే వీలుపడదు. సర్టిఫికెట్ తంటాల్లో సగం ఇక్కడే పుడతాయి.

సర్వర్ పేరు `radius.college.example` అయిన ఒక కాలేజీని ఊహించుకుందాం. సోమవారం ఉదయం కొత్తగా వచ్చిన ఏ ఫోనూ కలవడం లేదు. ముందునుంచీ కలిసి ఉన్నవి మాత్రం కాసేపు పనిచేస్తున్నాయి. సిబ్బంది యాక్సెస్ పాయింట్లను ఆపి మళ్లీ వేస్తూ పూటంతా గడుపుతారు. అన్ని భవనాల్లో, అన్ని రకాల ఫోన్లూ ఒకేసారి ఆగిపోయాయంటే ముందు చూడాల్సింది సర్టిఫికెట్ గడువు:

```
openssl x509 -in server.pem -noout -dates
```

ఇందులో `notAfter` పక్కనున్న తేదీ దాటిపోయి ఉంటే కారణం దొరికినట్టే. ఫ్రీరేడియస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పరీక్షల కోసం తనే ఒక సర్టిఫికెట్ తయారుచేసిస్తుంది. దాన్ని మార్చకుండా అలాగే వాడుకలోకి తెచ్చినవాళ్లకు ఈ సోమవారం తప్పకుండా వస్తుంది.

కొత్త సర్టిఫికెట్ పెట్టారు. కొన్ని ఫోన్లు కలిశాయి, చాలా ఫోన్లు కలవలేదు. సర్వర్ లాగ్‌లో ఈ వరుస కనబడింది:

```
eap_peap: ERROR: TLS Alert read:fatal:unknown CA
```

ఇందులో `read` అన్న మాటను వదిలేయకూడదు. ఈ ఫిర్యాదు సర్వర్ చేసింది కాదు, ఫోను నుంచి సర్వర్ అందుకున్నది. అంటే పాస్‌వర్డ్ దాకా వెళ్లనే లేదు. నీకు పత్రం ఇచ్చినవాళ్లెవరో నాకు తెలియదని చెప్పి ఫోనే వెనక్కి తగ్గింది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఈసారి సర్టిఫికెట్‌ను వేరే సంస్థ దగ్గర కొన్నారు, ఫోన్లలో పాత సంస్థ పేరే నమోదై ఉంది. రెండోది, మూల సంస్థకూ సర్వర్‌కూ మధ్య ఉండే మధ్యంతర సర్టిఫికెట్‌ను ఫైలులో చేర్చలేదు. అదే సర్టిఫికెట్‌ను వెబ్‌సైట్‌కు పెట్టి చూస్తే చక్కగా పనిచేస్తుంది. ఎందుకంటే చాలా బ్రౌజర్లు లోటుపడిన ముక్కను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోగలవు. వైఫైలో చేరబోతున్న ఫోనుకు ఆ అవకాశం లేదు. సర్వర్ తన సర్టిఫికెట్‌తో పాటు మధ్యంతరాన్నీ పంపేలా గొలుసు మొత్తాన్ని ఫైలులో పెట్టాలి.

అదీ సరిచేశాక ఒక్క పాత ట్యాబ్ మాత్రం మిగిలింది. నెలల తరబడి చార్జింగ్ లేక దాని గడియారం ఏళ్ల వెనక్కి పోయింది. ఆ తేదీ ప్రకారం సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. వైఫై దొరికితే గడియారం సరవుతుంది, గడియారం సరైతేనే వైఫై దొరుకుతుంది. తేదీని చేత్తో మార్చడమే దారి.

ఇలాంటి రోజుల్లో సిబ్బంది అలసిపోయి ఇచ్చే సలహా ఒకటుంది: తనిఖీ మానేయండి. ఏళ్ల తరబడి కాలేజీలు పంచిన కాగితాల్లో `Do not validate` ఎంచుకోమనే రాసేవారు. అది తాళం వేసి చెవి తలుపుకే వదిలేయడం. 2020 డిసెంబరు అప్‌డేట్‌తో గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ ఎంపికను తీసేసింది. సరైన పనే చేసింది. ఐఫోన్ తనకు తెలియని సర్టిఫికెట్‌ను చూపించి `Trust` నొక్కుతారా అని అడుగుతుంది. సర్టిఫికెట్ మారినప్పుడల్లా ఆలోచించకుండా నొక్కే అలవాటైతే క్యాంటీన్‌లోని దొంగ సర్వర్‌కూ అదే జవాబు వెళ్తుంది.

నా మట్టుకు, సంస్థ తన వైఫై కోసం సొంత సర్టిఫికెట్ అథారిటీ పెట్టుకోవడమే మేలు. బయట కొనే వెబ్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గుతోంది. సొంత అథారిటీకైతే గడువునూ మార్పులనూ సంస్థే నిర్ణయించుకుంటుంది. ఆ అథారిటీని ప్రతి ఫోనులోనూ ఒకసారి ఎక్కించాల్సి రావడం దీనిలోని శ్రమ. ప్రపంచమంతా విశ్వవిద్యాలయాలు కలిసి వాడుకునే ఎడ్యురోమ్ వైఫైకి గెట్‌ఎడ్యురోమ్ అనే యాప్ ఆ పని చేసిపెడుతుంది. మన దేశంలో ఎడ్యురోమ్ బాధ్యత ఎర్నెట్ ఇండియాది.

మీ కాలేజీలోనో ఆఫీసులోనో వైఫైకి యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంటే సిస్టమ్ అడ్మిన్‌ను రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ ఏది, సర్వర్ పేరేమిటి. ఆండ్రాయిడ్‌లో ఆ పేరును `Domain` గడిలో నింపండి. ఐఫోన్‌లో `Trust` నొక్కేముందు తెర మీది పేరుతో పోల్చి చూడండి. ఆ రెండూ తెలిసేదాకా పాస్‌వర్డ్ టైప్ చేయకండి.