మావయ్య గెస్ట్‌హౌస్‌కి నేను రాసిన ఎనిమిది వాక్యాలు

కోనసీమలో దిండికి దగ్గర్లో మా మావయ్యకి నాలుగు గదుల గెస్ట్‌హౌస్ ఉంది. చుట్టూ కొబ్బరితోట, కాస్త దూరంలో గోదావరి. బుకింగ్ పేజీ తయారుచేసింది నేనే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు ఉంటే ఇంకొకరికి డబ్బులెందుకిస్తారు చెప్పండి!

గది, ఫొటోలు, ధర, తేదీ అన్నీ పెట్టాను. ఒక్కటే మర్చిపోయాను: బుక్ చేసుకున్నవాళ్లు రాకపోతే ఏంటి?

ఆ సంగతి సంక్రాంతికి తెలిసొచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం భోగి నుంచి మూడు రాత్రులకి రెండు గదులు ఫోన్లో చెప్పించుకుంది. ‘తప్పకుండా వస్తాం అండీ’ అన్నారు. అడ్వాన్స్ అడగడానికి మావయ్యకి మొహమాటం. భోగి రోజు అత్తయ్య నాటుకోడి కూర, గారెలు చేయించి ఎదురుచూసింది. రాత్రి పదకొండింటికి చేస్తే ఫోన్ స్విచ్చాఫ్. గది రాత్రికి మూడు వేలు. రెండు గదులు, మూడు రాత్రులు... పద్దెనిమిది వేలు పోయాయి. అంతకన్నా బాధేమిటంటే, ఆ వారంలో గదులు లేవని ఆరుగురిని వెనక్కి పంపేశారు. వాళ్ల నంబర్లు కూడా రాసుకోలేదు.

మావయ్యకి కోపమొచ్చింది. ‘ఒరేయ్, ఇకమీదట పూర్తి డబ్బు ముందే కట్టాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు లేదని పెద్దక్షరాలతో పెట్టు’ అన్నారు. పెట్టాను. రెండు నెలలకి ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్లమ్మని ఆసుపత్రిలో చేర్చారట, వారం తర్వాత ఉన్న బుకింగ్ రద్దు చేయమంది. ‘రూల్ రూలేనమ్మా’ అన్నారు మావయ్య. ఆ గది రెండ్రోజుల్లోనే ఇంకొకరు తీసుకున్నారు. అంటే ఒకే గదికి రెండుసార్లు డబ్బు తీసుకున్నట్టు! ఆ రాత్రి అత్తయ్య అన్న మాట ఒక్కటే: ‘మనల్ని మోసం చేసినవాళ్ల మీద కోపం ఈవిడ మీద తీర్చుకున్నాం.’ మర్నాడు ఆ డబ్బు తిరిగి పంపేశారు. నేను కూర్చుని పాలసీ మళ్లీ మొదట్నుంచి రాశాను.

మొదట చూడాల్సింది కాగితం కాదు, బుకింగ్ నోటు పుస్తకం. ఖాళీ అయిన గది మళ్లీ నిండటానికి ఎన్ని రోజులు పడుతుంది? గడువు తేల్చేది ఆ లెక్కే. మావయ్య పుస్తకంలో మామూలు రోజుల బుకింగులు ఎక్కువగా మూడు, నాలుగు రోజుల ముందు వస్తున్నాయి. అంటే మూడు రోజుల ముందు ఎవరైనా రద్దు చేసుకుంటే మనకి పోయేది దాదాపు ఏమీ లేదు. పూర్తిగా ఇచ్చేయొచ్చు. సంక్రాంతికి అలా కాదు. జనం డిసెంబర్‌లోనే గదులు చూసుకుంటారు. జనవరి మొదటి వారం దాటితే ఖాళీ గదికి మనిషి దొరకడం కష్టం. అందుకని పండగకి వేరే గడువు: జనవరి 1.

రెండోది, ఎంత పట్టుకోవాలి? మొత్తం పట్టుకుంటానంటే చట్టం కూడా పూర్తిగా వెనక నిలబడదు. 1872 నాటి మన కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, దానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పించాలి. కాబట్టి మన నష్టానికి దగ్గరగా ఉండే మొత్తం రాసుకోవడం మేలు. మేం మొదటి రాత్రి అద్దె అనుకున్నాం. అదే అడ్వాన్సు కూడా. అడ్వాన్స్ తీసుకోకుండా ఎంత గట్టి పాలసీ రాసినా అది ఉత్త కోరికే. స్విచ్చాఫ్ అయిన ఫోన్ నుంచి ఎవరు వసూలు చేస్తారు?

మూడోది గడియారం. ‘72 గంటల ముందు’ అని రాస్తే ఎక్కణ్నుంచి లెక్క? చెకిన్ నుంచా, ఆ రోజు మొదలైన దగ్గర్నుంచా? గొడవ అక్కడే మొదలవుతుంది. సంక్రాంతికి డల్లాస్ నుంచి బుక్ చేసేవాళ్లూ ఉంటారు. మనకి జనవరి 1 మధ్యాహ్నం పన్నెండంటే, వాళ్లకి డిసెంబర్ 31 అర్ధరాత్రి దాటి అరగంట. అందుకే గంటల లెక్క అతిథికి వదలకుండా, పేజీయే తేదీ లెక్కగట్టి ‘జనవరి 1 మధ్యాహ్నం 12 లోపు, భారత కాలమానం’ అని డబ్బు కట్టే బటన్ పైనే చూపించేలా మార్చాను. బుకింగ్ ఖాయమయ్యాక వెళ్లే వాట్సాప్ మెసేజ్‌లోనూ అదే తేదీ ఉంటుంది. ‘మేం చూళ్లేదు’ అనే మాటకి అవకాశం తగ్గుతుంది.

నాలుగోది, రాకపోవడమంటే ఏంటి? ఆలస్యంగా రావడం వేరు, అసలు రాకపోవడం వేరు. రైలు లేటయి, రాజమండ్రిలో దిగి, టాక్సీ దొరక్క అర్ధరాత్రి వచ్చేవాళ్లని మనం శిక్షించకూడదు. ఒక్క ఫోన్ చేస్తే చాలు, గది ఉంటుంది. ఫోన్ లేదు, మనం చేస్తే ఎత్తరు, మర్నాటి ఉదయం పదింటికీ జాడ లేదు... అప్పుడే మిగతా రాత్రులు వేరేవాళ్లకి ఇస్తాం.

చివరికి పేజీలో పెట్టింది ఇదీ:

> గది ఖాయం కావడానికి మొదటి రాత్రి అద్దె ముందుగా చెల్లించండి. మీరు వచ్చే రోజుకు మూడు రోజుల ముందు మధ్యాహ్నం 12 లోపు (జనవరి 13, 14, 15 రాత్రులకు జనవరి 1 మధ్యాహ్నం 12 లోపు) రద్దు చేస్తే పూర్తిగా తిరిగి ఇస్తాం. ఆ తర్వాత రద్దు చేస్తే మొదటి రాత్రి అద్దె ఉంచుకుంటాం. ఆ రాత్రికి గది వేరేవారు తీసుకుంటే అదీ ఇచ్చేస్తాం. లేదా ఆరు నెలల్లోపు మామూలు రోజులకు ఒకసారి తేదీ మార్చుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. రాత్రి 9 దాటుతుందంటే ఒక్క ఫోన్ చేయండి, గది ఉంచుతాం. కబురు లేకుండా మర్నాడు ఉదయం 10 వరకు రాకపోతే మొదటి రాత్రి అద్దె తిరిగి రాదు, మిగతా రాత్రులు రద్దవుతాయి. తుఫాను వల్ల దారులు మూసేసినా, మా వల్ల గది ఇవ్వలేకపోయినా మీ డబ్బు మొత్తం మూడు పనిదినాల్లో తిరిగి పంపుతాం.

‘కారణం చెప్పక్కర్లేదు’ అన్నది అత్తయ్య చేర్చింది. ‘అత్యవసరమైతే మినహాయింపు’ అని నేను రాశాను. అప్పుడు ఆసుపత్రి కాగితాలు అడగాలి, ఎవరిది నిజమో తేల్చాలి. ఆ పని మనకొద్దంది. అందరికీ ఒకసారి తేదీ మార్పు ఇచ్చేస్తే తీర్పులు చెప్పే బాధ ఉండదు.

పాత సంక్రాంతిని ఈ పాలసీలో పెట్టి చూశాం. రెండు గదులకి ఆరు వేలు ముందే చేతిలో ఉండేవి. భోగి రాత్రి నష్టం దాంతో సరి. మర్నాడు పదింటికి గదులు ఖాళీ అని తేలేది. అప్పుడు ఆ ఆరుగురికీ ఫోన్ చేయొచ్చు, నంబర్లుంటే! అందుకే ఇప్పుడు గది లేదని చెప్పిన ప్రతిసారీ నంబర్ రాసుకుంటున్నారు. పాలసీ మిగతా రెండు రాత్రులకీ హామీ ఇవ్వదు, ఆ నోటు పుస్తకమే ఇవ్వాలి.

మొన్నటి పండగకి ఒకాయన జనవరి 10న రద్దు చేశారు. నోటు పుస్తకంలో రెండో నంబరువాళ్లు ఆ గది తీసుకున్నారు. మావయ్య ఆయన మూడు వేలూ యూపీఐలో తిరిగి పంపేశారు. నేనేమీ గుర్తుచేయలేదు.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. ఎవరైనా ఫోన్ చేస్తే మావయ్య ఇప్పటికీ ‘అడ్వాన్స్‌దేముందండీ, మీరొస్తే చాలు’ అంటున్నారు. అందుకని ఫోన్ అత్తయ్యకి ఇచ్చేశాం.